మొదటి ఏళ్లలో వచ్చే నష్టం: నా ఎస్‌డబ్ల్యూపీ అనుభవం

విజయనగరంలో ఒక ప్రైవేటు మిల్లు లెక్కల విభాగం నుంచి రిటైరైన నాకు పింఛను లేదు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి చేతికొచ్చిన 40 లక్షల నుంచి నెలకు 20,000 రూపాయలు ఇంటి ఖర్చుకు రావాలి. మొత్తాన్ని షేర్లలో పెట్టుబడి పెట్టే ఈక్విటీ ఫండ్‌లో పెట్టి, అక్కడి నుంచే ఎస్‌డబ్ల్యూపీ, అంటే నెలనెలా కొన్ని ఫండ్ యూనిట్లు అమ్మి నిర్ణీత మొత్తం తీసుకునే పద్ధతి, మొదలుపెడదామని ఏజెంటుగా పనిచేసే మా మేనల్లుడు ఫారం తెచ్చాడు. సగటు రాబడి బాగుంటే చాలు కదా మావయ్యా అన్నాడు. సంతకానికి ముందు కాగితం మీద లెక్క వేసి చూద్దామన్నాను.

నాలుగేళ్ల రాబడులు వరుసగా 20 శాతం నష్టం, 10 శాతం నష్టం, 15 శాతం లాభం, 25 శాతం లాభం అనుకున్నాం. ఏమీ తీయకపోతే 40 లక్షలు 41.4 లక్షలవుతాయి, వరుసను తిరగేసినా అంతే. కానీ ప్రతి ఏడాది మొదట్లో 2.4 లక్షలు తీస్తూ పోతే, నష్టాలు ముందొచ్చిన వరుసలో 29.4 లక్షలు, లాభాలు ముందొచ్చిన వరుసలో 33.3 లక్షలు మిగిలాయి. సగటు ఒకటే, తీసిన సొమ్ము ఒకటే, తేడా మాత్రం దాదాపు 4 లక్షలు.

కారణం యూనిట్లలో ఉంది. ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ ధర, 100 రూపాయలున్నప్పుడు 20,000 కోసం 200 యూనిట్లు అమ్మితే చాలు. అది 70కి పడితే సుమారు 286 అమ్మాలి. మార్కెట్ తిరిగి లేచినా, అలా అదనంగా అమ్ముడైపోయిన 86 యూనిట్లు ఆ లాభాన్ని చూడవు. తర్వాతి ఏళ్లలో పడితే ఇంత దెబ్బ తగలదు, ఎందుకంటే అప్పటికి నిధి పెరిగి ఉంటుంది, దాని మీద ఆధారపడాల్సిన ఏళ్లూ తగ్గి ఉంటాయి.

అందుకే ఏర్పాటు మార్చాం. 10 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేశాను. నేను చేరినప్పటి 8.2 శాతం వడ్డీ ప్రకారం మూడు నెలలకు 20,500, అంటే నెలకు సుమారు 6,800 వస్తుంది. 5 లక్షలు ఒడిదుడుకులు తక్కువగా ఉండే లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, నెలకు 13,200 ఎస్‌డబ్ల్యూపీని దాని నుంచే పెట్టాను. మిగతా 25 లక్షలే ఈక్విటీలో ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒకసారి చూసి, ఎన్‌ఏవీ నిరుటి కన్నా పైన ఉంటేనే అందులో కొంత అమ్మి లిక్విడ్ ఫండ్‌ను నింపుతాను. కింద ఉంటే ముట్టుకోను.

దీనికి ఖరీదు ఉంది: లిక్విడ్‌లో ఉన్న సొమ్ము పెద్దగా పెరగదు. పైగా ఈ కవచం మూడేళ్లకు కాస్త పైన మాత్రమే నిలుస్తుంది, పతనం అంతకన్నా సాగితే తీసే మొత్తమే తగ్గించుకోవాలి. అందుకని ఏప్రిల్ లెక్కలో ఇంకొకటి కూడా రాసుకుంటాను: ఏడాది ఖర్చు మిగిలిన మొత్తం నిధిలో ఎంత శాతమని. మొదట అది 6. ఎనిమిది దాటితే నెలసరి 20,000ను 17,000కు దించాలని ఇంటావిడా నేనూ ముందే అనుకున్నాం.