నీలం రంగు పోయింది, అంతేనా? లాలాజలం ప్రయోగంతో నా అనుభవం

గుంటూరులో టెన్త్ పిల్లలకు బయాలజీ చెబుతాను. ఒక ప్రయోగాన్ని వర్ణించి "దీన్నిబట్టి ఏం తేలింది?" అని అడిగి, ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకోమనే ప్రశ్నలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నాయి. అలాంటిదాన్ని నేనెలా విప్పుతానో ఒక్క ప్రశ్న తీసుకుని రాస్తున్నాను.

ప్రశ్నలో ఉన్నదిది. మూడు పరీక్షనాళికల్లో 5 మి.లీ. చొప్పున ఒక శాతం పిండి ద్రావణం పోశారు. ఒకదాన్ని 5 డిగ్రీల నీళ్లలో, ఒకదాన్ని 37 డిగ్రీల్లో, మూడోదాన్ని 80 డిగ్రీల్లో ఉంచి, ఒక్కోదానిలో 1 మి.లీ. పలచన చేసిన లాలాజలం కలిపారు. నిమిషానికోసారి ఒక చుక్క తీసి, తెల్లటి పింగాణీ పలక మీది అయోడిన్‌లో వేశారు. 37 డిగ్రీలదానిలో నాలుగో నిమిషానికి నీలం రంగు రావడం ఆగిపోయింది. మిగతా రెండింట్లో పదో నిమిషందాకా వస్తూనే ఉంది.

జవాబుల జోలికి పోకముందే రెండు మాటలు మార్జిన్‌లో రాసుకుంటాను: మార్చింది ఏది, చూసింది ఏది. మార్చింది ఉష్ణోగ్రత. చూసింది మాత్రం ఎంజైమును కాదు, నీలం రంగును. అయోడిన్ నీలంగా మారితే పిండి ఇంకా ఉన్నట్టు, మారకపోతే లేనట్టు. ఇంతకు మించి ఆ పలక ఏమీ చెప్పదు. పిండి చక్కెరగా మారిందని కూడా చెప్పదు. దానికి బెనెడిక్ట్ ద్రావణంతో వేడిచేసి విడిగా చూడాలి.

ఇప్పుడు జవాబులు. "లాలాజల ఎంజైము 37 డిగ్రీల్లో అన్నిటికంటే బాగా పనిచేస్తుంది" అన్నదాన్ని క్లాసులో సగంమంది టిక్ పెడతారు. పుస్తకంలో అలాగే చదివారు కాబట్టి కళ్లు దానిమీదే పడతాయి. కానీ ఇక్కడ పరీక్షించినవి మూడే ఉష్ణోగ్రతలు. 30లోనో 45లోనో ఇంకా తొందరగా అయ్యేదేమో ఈ ఫలితాల పట్టికకు తెలియదు. "పరీక్షించిన మూడింట్లో 37 దగ్గర పిండి అన్నిటికంటే ముందు మాయమైంది" అనేంతవరకే మనకు హక్కు.

రెండో వల: "చలికీ వేడికీ ఎంజైము పాడైపోతుంది." రెండు నాళికలూ ఒకే ఫలితం ఇచ్చాయి గనక కారణమూ ఒకటే అనుకోవడం ఇది. నిజానికి చల్లటి నాళికలో ఎంజైము మందగించిందంతే. 80 డిగ్రీల్లో మాత్రం దాని నిర్మాణమే చెడిపోయింది. ఈ తేడా పట్టికలో లేదు, తెలియాలంటే ఇంకో అడుగు వేయాలి. పది నిమిషాలయ్యాక ఆ రెండు నాళికల్నీ 37 డిగ్రీల నీళ్లలోకి మార్చి మళ్లీ చుక్కలు తీయాలి. చల్లగా ఉన్నదానిలో కాసేపటికి నీలం పోతుంది, ఉడికినదానిలో పోదు. ప్రశ్నలో ఆ అడుగు లేదు కాబట్టి ఆ జవాబూ చెల్లదు.

"పిండిని విడగొట్టింది లాలాజలమే" అన్నదాని దగ్గర నేనే కాసేపు ఆగాను. మాట నిజమే. కానీ లాలాజలం బదులు 1 మి.లీ. నీళ్లు కలిపి 37 డిగ్రీల్లో ఉంచిన నాలుగో నాళిక ఏది? అది లేనప్పుడు ఆ మాట మనకు ముందే తెలిసినదే తప్ప ఈ ప్రయోగం రుజువు చేసింది కాదు.

ఈ ప్రయోగాన్ని చేసి చూపించేటప్పుడు పట్టికే తప్పుగా వచ్చే చోటు ఒకటుంది. అయోడిన్‌ను పలక మీద కాకుండా నేరుగా 80 డిగ్రీల నాళికలోనే వేస్తే నీలం కనబడదు. పిండి అరిగిపోయిందనుకుంటాం. అసలు సంగతి, వేడికి పిండి-అయోడిన్ బంధం విడిపోయి రంగు పోతుంది, చల్లారాక మళ్లీ నీలం తిరిగొస్తుంది. ఇంట్లో అన్నం వార్చిన గంజిని పొగలు కక్కుతుండగానే ఒక గ్లాసులోకి తీసుకుని, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేసి చూడండి, కళ్లముందే జరుగుతుంది. అందుకే ప్రశ్నలో "చుక్క తీసి పలక మీద" అన్న చిన్న మాటను నేను గీత గీసి చదువుతాను. చుక్క పలక మీద పడగానే చల్లారిపోతుంది, రంగును నమ్మవచ్చు.

ఇంకోటి, పిండినీ లాలాజలాన్నీ విడివిడిగా ఆ ఉష్ణోగ్రతకు తెచ్చాకే కలిపారా అన్నది. చల్లటి పిండిలో లాలాజలం కలిపేసి తర్వాత వేడినీళ్లలో పెడితే, 80కి చేరేలోపు 40 డిగ్రీల మీదుగా పోతూ ఎంజైము కొంత పని కానిచ్చేస్తుంది. అప్పుడా నాళిక ఫలితం 80ది కాదు.

కొన్ని ప్రశ్నల్లో 37కి బదులు "గది ఉష్ణోగ్రత" అని ఉంటుంది. మన గుంటూరులో మే నెల మధ్యాహ్నం గది వేరు, డిసెంబరు పొద్దుటి గది వేరు. అంకె ఇవ్వని ఆ నాళిక గురించి ఉష్ణోగ్రత పేరుతో ఏ జవాబున్నా నేను కొట్టేస్తాను.