మధ్యలో రంధ్రం ఉంటే గ్రీన్ సిద్ధాంతం: నేను లెక్క చేసే తీరు

మూలలు (±2, ±2) వద్ద ఉన్న చతురస్రం చుట్టూ, గడియారం ముల్లుకు ఎదురు దిశలో ∮ P dx + Q dy విలువ కావాలి. ఇక్కడ

```
P = -y/(x²+y²)
Q = x/(x²+y²) + 3x
```

గ్రీన్ సిద్ధాంతం ప్రకారం లోపలి ప్రాంతం మీద Qₓ − P_y ని ఇంటిగ్రేట్ చేయాలి. భిన్నాల నుంచి వచ్చే రెండు పదాలూ (y²−x²)/(x²+y²)² కాబట్టి రద్దయిపోతాయి, 3 మాత్రమే మిగులుతుంది. చతురస్రం వైశాల్యం 16, కనుక జవాబు 48 అని రాసేయాలనిపిస్తుంది. అది తప్పు. మూలబిందువు దగ్గర P, Q లకు విలువే లేదు, ఆ బిందువు చతురస్రం లోపలే ఉంది. అందుకే డెరివేటివ్ తీయకముందే హారం ఎక్కడ సున్నా అవుతుందో చూస్తాను.

ఆ బిందువు చుట్టూ a వ్యాసార్థంతో చిన్న వృత్తం గీసి, లోపలి భాగాన్ని తీసేస్తాను. a కి 1 లాంటి సంఖ్య వేయను, అక్షరంగానే ఉంచుతాను. కారణం చివర్లో తెలుస్తుంది. వృత్తం చతురస్రంలో ఇమడాలి కాబట్టి a < 2 అయితే చాలు. మిగిలిన ప్రాంతం మీద డబుల్ ఇంటిగ్రల్ 3(16 − πa²) = 48 − 3πa².

ఇక దిశ. అంచు వెంట నడుస్తుంటే ప్రాంతం ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉండాలి. బయటి చతురస్రం మీద అది గడియారానికి ఎదురు దిశ. వృత్తం మీద మాత్రం ప్రాంతం వృత్తానికి బయట ఉంది, కాబట్టి గడియారం దిశలో నడవాలి. అంటే

చతురస్రం − వృత్తం = 48 − 3πa²

ఇందులో రెండూ గడియారానికి ఎదురు దిశలో లెక్కించిన ఇంటిగ్రల్ విలువలే, లోపలి అంచు దిశ ఆ మైనస్ గుర్తులోకి వచ్చేసింది. వృత్తాన్ని ముందే గడియారం దిశలో లెక్కించి, మళ్లీ మైనస్ పెడితే అదే దిశను రెండుసార్లు తిప్పినట్టు. విద్యార్థుల లెక్కల్లో నాకు ఎక్కువగా కనబడే పొరపాటు ఇదే.

వృత్తం మీద x = a cos t, y = a sin t పెడితే ఇంటిగ్రాండ్ 1 + 3a² cos² t అవుతుంది. t ని 0 నుంచి 2π వరకు తీసుకుంటే 2π + 3πa². కాబట్టి

చతురస్రం = 48 − 3πa² + 2π + 3πa² = 48 + 2π

a పూర్తిగా పోయింది. పోవాలి కూడా: మనం గీసిన వృత్తం ఎంత పెద్దదో చతురస్రానికి పట్టదు. గుర్తు తప్పుగా వేసి ఉంటే 48 − 2π − 6πa² వచ్చేది. జవాబులో a మిగిలిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే, ముందుగా లోపలి అంచు దిశనే చూడండి. మొదట్లోనే a = 1 అని పెట్టేసి ఉంటే 48 − 8π వచ్చి, చూడ్డానికి మామూలు జవాబులాగే ఉండేది.

ఇదే చతురస్రాన్ని కుడివైపు జరిపి x ని 1 నుంచి 5 వరకు తీసుకుంటే మూలబిందువు బయట పడుతుంది. అప్పుడు వృత్తం అక్కర్లేదు, జవాబు 48. వక్రం సరిగ్గా మూలబిందువు గుండా పోతే మాత్రం ఈ పద్ధతి వాడకూడదు.