అమ్మానాన్నల బాధ్యతపై మేం సంతకాలు చేసిన కాగితం

నాన్న స్నానాల గదిలో జారిపడ్డాక కొన్ని నెలల పాటు మా ముగ్గురి మధ్య నడిచినవన్నీ ఫోన్ ఒప్పందాలే. ఎవరు ఏ పని చూస్తానన్నారో అన్నయ్యకు ఒకలా, నాకు ఒకలా, చెల్లికి ఇంకోలా గుర్తుండేది. చెల్లి ఉండేది అమ్మానాన్నలకు దగ్గర్లో. అన్నయ్యా నేనూ దూరం. ఒకసారి కూర్చుని మాట్లాడుకుని, అనుకున్నది రాసి సంతకాలు పెడదామని చెల్లే అంది. "మనలో మనకు సంతకాలేంటి?" అని అన్నయ్య నొచ్చుకున్నాడు. "నాకు మతిమరుపు అన్నయ్యా" అంది చెల్లి. అది నిజం కాదని ముగ్గురికీ తెలుసు.

కూర్చునే ముందే అసలు పనులేమిటో రాసుకున్నాం. వృద్ధుల సంరక్షణలో ఎప్పటినుంచో వాడుతున్న జాబితాలు రెండున్నాయి. 1963లో అమెరికా వైద్యుడు కాట్జ్ బృందం ఇచ్చినదాంట్లో ఒంటి పనులు ఆరు: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. 1969లో పరిశోధకులు లాటన్, బ్రోడీ ఇచ్చినదాంట్లో ఇల్లు నడిపే పనులు ఎనిమిది. ఫోను, కొనుగోళ్లు, వంట, ఇంటి పని, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు అందులోకి వస్తాయి. వీటిని అమ్మ, నాన్న, చెల్లి ఎవరికి వాళ్లు విడిగా నింపారు. ఆరూ తనే చేసుకుంటున్నానని నాన్న రాశారు. స్నానానికీ, మంచం మీంచి లేవడానికీ చెయ్యి పట్టుకుంటున్నది తనేనని అమ్మ రాసింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్న తూలితే ఇద్దరూ పడతారు. అమ్మ చేస్తోంది కాబట్టి దాన్ని మేమెవరం ఒక పనిగా లెక్కలోకే తీసుకోలేదు.

పెద్దరికానికి బాబాయిని కూర్చోబెట్టాం, ఆయనకు ఏ వాటా లేదు కాబట్టి. రాసింది నేను. అన్నయ్య వీడియో కాల్‌లో ఉన్నాడు. వదినా, మా ఆయనా, మరిదీ కూడా ఉన్నారు, ఎందుకంటే మా పేర్ల మీద రాసే పనుల్లో సగం నిజానికి వాళ్లే చేస్తారు. "నేను తీసుకెళ్లి చూసుకుంటాను" అని అన్నయ్య అంటే, స్నానం చేయించేది ఎవరని వదిన అక్కడే అడిగింది. ఆ ప్రశ్న తర్వాత మా మాటతీరే మారిపోయింది. ప్రతి పనికి చేసే మనిషి పేరే రాయాలనీ, ఆ మనిషి ఎదురుగా ఒప్పుకుంటేనే రాయాలనీ బాబాయి తేల్చారు.

మొదట అమ్మానాన్నల మాట. నెలల వంతులేసుకుని మా ముగ్గురి ఇళ్ల మధ్య తిరగడం తమకు ఇష్టం లేదన్నారు. నాన్నకు ఈమధ్య మతిమరుపు మొదలైంది. అలవాటు లేని ఇంట్లో రాత్రిపూట మరుగుదొడ్డి ఎటువైపో తోచక ఇలాంటివాళ్లు పడిపోవచ్చు. పైగా ఇల్లు మారిన ప్రతిసారీ డాక్టరూ మారతాడు. అందుకని మొదటి అంశంగా వాళ్లు సొంతింట్లోనే ఉంటారని రాశాం.

ఎక్కువసేపు పట్టింది మందుల అంశం. నా మొదటి ప్రతిలో "మందుల విషయం అందరూ శ్రద్ధ తీసుకోవాలి" అని ఉంది. బాబాయి చదివి, "అంటే ఎవరూ తీసుకోరన్నమాట" అన్నారు. చివరికి ఇలా కుదిరింది: "ప్రతి ఆదివారం చెల్లి వారానికి సరిపడా మందుల పెట్టె నింపుతుంది. ఏ మందైనా పది రోజులకు మించి లేకపోతే అన్నయ్యకు చెబుతుంది, మూడు రోజుల్లో అన్నయ్య తెప్పిస్తాడు. చెల్లి ఊళ్లో లేని వారం నేను వచ్చి ఉంటాను, ఆ సంగతి రెండు వారాల ముందు చెప్పాలి. డాక్టర్ మందు మార్చిన రోజే పాత చీటీ తీసేసి కొత్తది పెట్టె మూతకు అంటించాలి." ఎవరు, ఎప్పుడు, వాళ్లు లేకపోతే ఎవరు అన్న మూడూ లేని వాక్యాన్ని ఆ తర్వాత కాగితంలో ఉంచలేదు.

డబ్బు దగ్గర సమానంగా పంచుకుందామని అన్నయ్య అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చెల్లి ఈ పనుల కోసమే ఉద్యోగం సగం పూటకు తగ్గించుకుంది. ముందు నాన్న పింఛను ఖర్చు చేసి, చాలనిదాన్ని అన్నయ్య 50 శాతం, నేను 35, చెల్లి 15 చొప్పున వేసుకునేలా కుదిరింది. చెల్లి వాటా ఎందుకు తక్కువో కారణం కూడా ఆ పక్కనే రాయించారు బాబాయి. రెండేళ్లు పోయాక అంకె మాత్రమే కనిపిస్తుంది, కారణం ఎవరికీ గుర్తుండదన్నది ఆయన వాదన.

ఒకటి మాత్రం తేలలేదు. రాత్రిళ్లకు అటెండెంట్‌ను ఇప్పుడే పెట్టాలని అన్నయ్య, ఇంట్లో పరాయి మనిషి వద్దని నాన్న. ఏకాభిప్రాయం కుదరలేదని ఉన్నదున్నట్టు రాసి, కింద ఒక షరతు పెట్టాం. నాన్న మళ్లీ పడినా, లేదా ఒకే వారంలో మూడు రాత్రులు అమ్మ లేచి పట్టుకోవాల్సి వచ్చినా, మళ్లీ కూర్చోకుండానే అటెండెంట్ వస్తాడు. దానికి నాన్న ఒప్పుకున్నారు. తనకు అలాంటి అవసరం రాదని ఆయన నమ్మకం.

ఇంటి వాటాల ప్రస్తావన రాబోతే బాబాయి అక్కడే ఆపేశారు. ఇది ఆస్తి పంపకం కాదు, వీలునామా కాదు అని ఒక వాక్యం చేర్చాం. ఈ కాగితంతో బ్యాంకులో డబ్బు తీయడం కుదరదు, ఆసుపత్రిలో నాన్న తరఫున నిర్ణయమూ చెప్పలేం. వాటికి అధికారపత్రాలు వేరే ఉంటాయి, అవి నాన్నకు విషయం అర్థమై సంతకం చేయగలిగినప్పుడే చెల్లుతాయి. మతిమరుపు ముదిరే దాకా ఆగకూడదని ఆ పనిని తేదీతో సహా నా పేరు మీద వేసుకున్నాను.

ఆ రోజే సంతకాలు పెట్టలేదు. ప్రతిని అందరికీ పంపి, వారంలోగా అభ్యంతరాలు రాసి పంపమన్నాం. వదిన ఒక్క మాట మార్పించింది: అన్నయ్య నెలకోసారి "వస్తాడు" అని ఉన్నచోట "రెండు రాత్రులు ఉంటాడు" అని. తర్వాత ప్రతి పేజీ కింద ముగ్గురం సంతకాలు చేసి తేదీ వేశాం. పనులు ఒప్పుకున్న వదినా, మరిదీ, మా ఆయనా తమ అంశాల పక్కన చేశారు. అమ్మానాన్నలవి విడిగా, "చదివి వినిపించారు, మాకు సమ్మతమే" అన్న వాక్యం కింద. అన్నయ్య ముందు స్కాన్ పంపి, ఊరొచ్చినప్పుడు అసలు ప్రతి మీద చేశాడు. ఒక ప్రతి అమ్మ బీరువాలో ఉంది.

మూడు నెలలకు సమీక్ష పెట్టుకున్నాం. మందుల అంశం బాగానే నడిచింది. "అందరూ తరచూ ఫోన్ చేయాలి" అన్నది ఎలాగో తప్పించుకుని కాగితంలోకి వచ్చేసింది, దాని మీదే అనవసరంగా మాటామాటా పెరిగింది, కొట్టేశాం. సమీక్ష కంటే ముందే ఒక వారం అమ్మ వరసగా నాలుగు రాత్రులు లేచింది. చెల్లి కాగితం ఫోటో తీసి ఆ షరతు మాత్రం అందరికీ పంపింది. నాన్న చదివి, అటెండెంట్ పడుకునే మంచం హాల్లోనే వేయాలన్నారు. అది కూడా రాసి, పక్కన ఆయన చేత సంతకం చేయించాం. అతని జీతంతో ఖర్చు పెరిగింది కాబట్టి వాటాలు మళ్లీ లెక్కేయాలి. వచ్చే సమీక్షలో మొదటి అంశం అదే.