ఒకే వాక్యంలో రెండు కాలాలు: ప్రూఫులు దిద్దిన నా అనుభవం

ఒక నవల ప్రూఫులు దిద్దే పని నిన్నటితో ముగిసింది. అక్షర దోషాలు, విరామ చిహ్నాలు, పాత్రల పేర్లలో తేడాలు ఇబ్బంది పెట్టలేదు. నిద్ర లేకుండా చేసింది ఒక్కటే: భూతకాలంలో నడిచే వాక్యం మధ్యలో కారణం లేకుండా వర్తమానం చొరబడిన చోట్లు.

రచయిత మొదట కథంతా ‘వెళ్తాడు, చూస్తాడు’ అని రాసుకుని, తర్వాత భూతకాలంలోకి మార్చారు. అలా మార్చిన ప్రతిలో కొన్ని క్రియలు పాత రూపంలోనే మిగిలిపోతాయి. ఉదాహరణకు ఈ వాక్యం చూడండి: ‘తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు, తడుముకుంటూ దీపం వెలిగిస్తాడు, గదిలో ఎవరూ కనిపించలేదు.’

ఇలాంటి చోట నేను సొంత కాలం ఉన్న సమాపక క్రియల కింద మాత్రమే గీత గీస్తాను. ‘తోసుకుని’, ‘తడుముకుంటూ’ అనే వాటికి సొంత కాలం లేదు, అవి ప్రధాన క్రియ వెంట నడుస్తాయి. మిగిలినవి మూడు: వెళ్లాడు, వెలిగిస్తాడు, కనిపించలేదు. ఒక్కోదాని ముందు ‘నిన్న’ అని పెట్టి చదివితే ‘నిన్న దీపం వెలిగిస్తాడు’ దగ్గర నాలుక ఆగిపోతుంది. దాన్ని ‘వెలిగించాడు’ అని దిద్దితే సరిపోతుంది.

అలవాటు చెప్పే వాక్యాల్లో దోషం ఇంత తేలిగ్గా దొరకదు. ‘రోజూ తెల్లవారకముందే లేచేవాడు, దారిలో పత్రిక కొంటాడు, ఇంటికొచ్చి చదివేవాడు.’ ‘కొంటాడు’ కూడా అలవాటునే చెబుతుంది కాబట్టి కన్ను జారిపోతుంది. అతను ఇప్పటికీ కొంటున్నాడా అని అడగాలి. కథలో ఆ మనిషి ఎప్పుడో చనిపోయాడు. కనుక ‘కొనేవాడు’ అని ఉండాలి.

ఇంతవరకు బాగానే ఉంది. దిద్దిన ప్రతిని ప్రచురణ సంస్థలోని పెద్ద సంపాదకుడికి ఇచ్చాక మొదలైంది అసలు కష్టం. నేను ముట్టుకోని వాక్యాల మీద ఆయన ఎర్ర సిరాతో గీతలు గీసి, నలుగురి ముందు ప్రతిని బల్ల మీద పడేసి, ‘కాలాల తేడా తెలియనివాళ్లు ప్రూఫులు ఎందుకు దిద్దుతారు?’ అన్నారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికి వచ్చి ప్రతి పేజీ తిరగేశాను.

ఆయన దిద్దిన వాక్యాల్లో ఒకటి: ‘రైలు ఆలస్యంగా వస్తోందని స్టేషన్ మాస్టర్ చెప్పాడు.’ చివర ‘చెప్పాడు’ ఉంది కాబట్టి ‘వస్తోంది’ తప్పని, దాన్ని ‘వచ్చిందని’ అని మార్చారు. ఇంగ్లీషు వ్యాకరణంలో అలా లోపలి క్రియను వెనక్కి జరుపుతారు, తెలుగుకు ఆ నియమం లేదు. ‘అని’కి ముందు వచ్చే మాట చెప్పినవాడి మాట, అతను చెప్పిన క్షణంలో ఉన్న కాలంలోనే నిలుస్తుంది. ‘వచ్చిందని’ అంటే రైలు అప్పటికే వచ్చేసినట్టు. తర్వాతి వాక్యంలో కథానాయకుడు ఇంకా రైలు కోసం పట్టాల వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు!

ఇంకో చోట ‘నేను వెళ్లేసరికి ఆమె ఉత్తరం చదువుతోంది’ అన్నదాన్ని ‘చదివింది’ చేశారు. ఇదీ అన్యాయమే. ‘చదువుతోంది’ ఇక్కడ నేను చేరిన ఆ క్షణంలో సాగుతున్న పనిని చెబుతోంది. ‘నిన్న నేను వెళ్లేసరికి’ అని పెట్టి చదివినా వాక్యం నిలబడుతుంది. ‘చదివింది’ అంటే చదవడం అప్పటికే ముగిసినట్టు అవుతుంది. ‘ఉంది, లేదు, తెలుసు’ అనేవీ ఇంతే. అవి భూతకాల కథనంలో మార్పు లేకుండా ఇమిడిపోతాయి, వాటిని చూసి కాలం మారిందని తీర్పు చెప్పకూడదు.

మర్నాడు రైలు పేజీని నేరుగా రచయితకే చూపించాను. ఆయన ఒక్కసారి చదివి, ‘రైలు వచ్చేస్తే వీడు ఇంకా ఎందుకు కూర్చున్నాడు?’ అన్నారు. ఎర్ర సిరా దిద్దుబాట్లలో ‘అని’ ఉన్నవన్నీ రద్దయ్యాయి. సంపాదకుడు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. పెద్ద కుర్చీలో ఉన్నంత మాత్రాన వాక్యం చివరి క్రియ చూసి మిగతావన్నీ దానికి సరిపెట్టే హక్కు ఎవరికీ రాదని నేను గట్టిగా నమ్ముతాను.

మీరూ ఇలాంటి పని చేస్తుంటే అనుమానించాల్సింది ముఖ్యంగా ‘-తాడు, -తుంది, -తారు’ రూపాలనే. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ‘తాడు’తో ఆగిపోవద్దు, ‘ంటాడు’ కూడా వెతకండి. లేకపోతే అంటాడు, వింటాడు, కొంటాడు తప్పించుకుంటాయి. దొరికిన ప్రతిదీ తప్పు కాదు. ‘నీళ్లు వేడికి ఆవిరవుతాయని గురువు చెప్పాడు’ అన్నది ఎప్పటికీ నిజమైన మాట. పేరా మొత్తం ‘వస్తాడు, చూస్తాడు’ అనే నడిస్తే అది రచయిత ఎంచుకున్న తీరు, ముట్టుకోకండి. ఒకే వాక్యంలో ‘వచ్చాడు’ పక్కన ‘చూస్తాడు’ ఒంటరిగా నిలబడితేనే కలం తీయండి.