పైగీత కదలదు, కిందిగీత ఎక్కుతుంది

రాయగడలో మా బావ షాపులో కూర్చుని ఒక షేరు చార్టు చూశాం. ధర 200 దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ వెనక్కొస్తోంది. కానీ పడినప్పుడు మాత్రం 180, తర్వాత 188, తర్వాత 194 దగ్గరే ఆగింది. అంటే కొనేవాళ్లు ఆగలేక రేటు పెంచుతున్నారు. పైన అడ్డంగా ఉన్న గీత, కింద ఎక్కుతున్న గీత కలిసి త్రికోణంలా కనిపిస్తాయి. ఇదే అసెండింగ్ ట్రయాంగిల్, ఎక్కువగా గీత దాటి పైకే బ్రేక్ అవుతుంది. డిసెండింగ్‌లో దీనికి రివర్స్: కిందిగీత కదలదు, పైగీత దిగుతుంది, మొగ్గు కిందికి. పైగీత దిగుతూ, కిందిగీత ఎక్కుతూ ఉండే సిమెట్రికల్ సాధారణంగా అంతకుముందున్న ట్రెండ్ వైపే పోతుంది, నాకు మాత్రం దాని మీద నమ్మకం తక్కువ.

"ఇప్పుడే కొనేద్దామా?" అన్నాడు బావ. వద్దన్నాను. 200 పైన క్లోజ్ అవ్వాలి, వాల్యూమ్, అంటే చేతులు మారే షేర్ల సంఖ్య, కూడా బాగా పెరగాలి. మధ్యలో 203 తాకి 198 దగ్గర ముగిస్తే అది దొంగ బ్రేకౌటే. నిజమైనదైతే ట్రయాంగిల్ ఎత్తు, అంటే 200కీ 180కీ మధ్య తేడా 20, 200కి కలిపి టార్గెట్ 220. ధర 194 కిందికి జారితే ఆ లెక్క చెల్లదు.