ముందే పడిన ‘ఊఁ’: మూడు ట్రాకులను ఒక ఇంటర్వ్యూగా కలిపిన తీరు

పోచంపల్లిలో మగ్గం నేసే ఒక పెద్దాయనతో, టెక్సస్‌లో ఉండే ఆయన కూతురితో ఆన్‌లైన్ కాల్‌లో గంటసేపు మాట్లాడాను. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. నెట్ ఎలా ఉన్నా గొంతు శుభ్రంగా రావాలని ఎవరి దగ్గర వాళ్లం విడిగా రికార్డు చేసుకున్నాం. నేను, ఆమె ల్యాప్‌టాప్‌లో, ఆయన ఫోన్‌లో. కాల్ మొత్తం కలిపి ఉన్న రికార్డింగ్ కూడా నా దగ్గర ఒకటి ఉంది.

మూడు ఫైళ్లనూ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పెట్టి మొదటి మాటల దగ్గర సరిచేస్తే పది నిమిషాల దాకా బాగానే నడిచింది. చివరికొచ్చేసరికి కథ మారింది. కూతురు మాట ముగించకముందే నా ‘ఊఁ’ పడుతోంది, ఆమె నవ్వు ఆలస్యంగా వస్తోంది. మనం ఊ కొడుతూ మాట్లాడేవాళ్లం కాబట్టి ఈ తేడా చెవికి వెంటనే తెలిసిపోతుంది.

కారణం గడియారాలే. సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే 48,000 హెర్ట్జ్ అని రాసి ఉన్నా ప్రతి పరికరంలోని గడియారాన్ని నడిపే క్రిస్టల్ కాస్త వేగంగానో నెమ్మదిగానో నడుస్తుంది. గంటకు కొన్ని పదుల నుంచి కొన్ని వందల మిల్లీసెకన్ల దాకా తేడా వస్తుంది.

దేనితో పోల్చి సరిచేయాలన్నది అసలు ప్రశ్న. చప్పట్లు కొట్టి కలుపుకోవచ్చు అంటారు గానీ, కాల్‌లో ఒకరి చప్పట్లు ఇంకొకరికి చేరేసరికే నెట్ ఆలస్యం కలుస్తుంది. అందుకే కాల్ మొత్తం ఉన్న రికార్డింగ్‌నే కొలబద్దగా పెట్టుకున్నాను. నాణ్యత తక్కువైనా అందులో అందరి మాటలూ నేను విన్న వరుసలోనే ఉంటాయి. దాన్ని పై ట్రాక్‌లో ఉంచి, కింద ఒక్కొక్కరి ట్రాక్‌లో ‘ప’, ‘ట’ లాంటి గట్టి అక్షరంతో మొదలయ్యే మాటను వెతికి, తరంగం లేచే చోటు చూసి కొలిచాను. మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట. మధ్య కొలత వదిలేయకూడదు. ఎందుకో ఆ పెద్దాయన ట్రాకే చెప్పింది.

కూతురి ట్రాక్ 3,480 సెకన్ల వ్యవధిలో 0.42 సెకను వెనకబడింది. మధ్యలో చూస్తే సరిగ్గా అందులో సగం. అంటే తేడా సమంగా పెరుగుతోంది, ఫైలు అంతమేరకు పొడవైంది. 3480.42ని 3480తో భాగించి 48,000తో గుణిస్తే సుమారు 48,005.8. దీన్ని 48006 చేసి ffmpeg అనే కమాండ్ టూల్‌కు ఇచ్చాను:

```
ffmpeg -i kuthuru.wav -af "asetrate=48006,aresample=48000" kuthuru_ok.wav
```

ఇక్కడ పూర్ణసంఖ్యే ఇవ్వాలి కాబట్టి చివర్లో 15 మిల్లీసెకన్ల తేడా మిగిలింది. దాన్ని పట్టించుకోలేదు. కాల్ రికార్డింగే నెట్‌ను బట్టి అంతకంటే ఎక్కువ అటూ ఇటూ కదులుతుంది. గొంతు మారుతుందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, ఇంత చిన్న తేడా ఏ చెవికీ అందదు.

పెద్దాయన ట్రాక్ లెక్క వేరు. 30వ నిమిషం దాకా అంతా సరిగ్గా ఉంది. 45లో మాత్రం 0.8 సెకను ముందుకొచ్చేసింది. ఇది సాగదీసి సరిచేసే రకం కాదు, ఫోన్ ఎక్కడో కాస్త ముక్క మింగేసింది. సాగదీస్తే బాగున్న సగం కూడా పాడవుతుంది. ఆ పావుగంటను సగానికి సగం చేసుకుంటూ వెళ్తే 31వ నిమిషంలో దొరికింది. వెనక ఇంట్లో ఎవరో నేస్తున్న మగ్గం చప్పుడు టక్... టక్ అని లయగా వస్తూ, అక్కడ రెండు దెబ్బలు దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అక్కడ కోసి, మిగతాదంతా 0.8 సెకను వెనక్కి జరిపి, పక్కనుంచి మగ్గం చప్పుడే కాపీ చేసి ఖాళీలో పెట్టాను. అదృష్టం కొద్దీ ఆయన అప్పుడు మాట్లాడటం లేదు. మాట మధ్యలో పోయుంటే అంతవరకు కాల్ రికార్డింగ్‌లోంచి అతికించడం తప్ప దారి లేదు.

ఇదంతా అయ్యేదాకా ‘అఁ’లూ దగ్గులూ కత్తిరించలేదు. ఒక్క ట్రాక్‌లో కోత పడితే కొలతలన్నీ పోతాయి.

తర్వాత గొంతుల హెచ్చుతగ్గులు. ఆయన స్పీకర్ పెట్టి మాట్లాడటంతో కూతురి గొంతు ఆయన మైక్‌లోకీ దూరి, డబ్బాలోంచి వచ్చినట్టు రెండుసార్లు వినిపిస్తోంది. ఆయన మాట్లాడని చోట్ల పూర్తిగా మ్యూట్ చేస్తే మగ్గం చప్పుడు కూడా ఆగి ఆగి వస్తుంది, అది ఇంకా చిరాకు. అందుకని అక్కడ 15 డెసిబెల్స్ తగ్గించి, ఎవరూ మాట్లాడనప్పుడు దొరికిన మగ్గం శబ్దాన్ని వేరే ట్రాక్‌లో మొదటి నుంచి చివరిదాకా సన్నగా పరిచాను. ఆ తర్వాతే ఒక్కో ట్రాక్‌నూ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో ఒకే స్థాయికి తెచ్చాను. ముందే చేసుంటే ఆ దూరిన గొంతు కూడా కొలతలో కలిసేది. కలిపిన స్టీరియో ఫైలును లౌడ్‌నెస్ కొలతలో -16 LUFS దగ్గర ఉంచాను.

చివరగా ఇయర్‌ఫోన్స్‌తో ముగ్గురం ఒకేసారి మాట్లాడిన చోట్లు మాత్రం విన్నాను. ఒకచోట తండ్రీకూతుళ్లు ఇద్దరూ ఒకేసారి “లేదు లేదు” అన్నారు. దాన్ని విడదీయకుండా అలాగే ఉంచేశాను.