జైబ్ రెండో ప్రయత్నంలో పాస్: నన్ను ముంచినదీ తేల్చినదీ పే స్లిప్ లెక్కే

బ్యాంకు ఉద్యోగులం రాసే జైబ్ పరీక్ష రిజల్ట్ మొన్న వచ్చింది. నాలుగు పేపర్లూ అయిపోయాయి. పోయినసారి రిటైల్ బ్యాంకింగ్ పేపర్‌లో 47 దగ్గర ఆగిపోయాను. మొత్తం సగటు కూడా 50కి చేరలేదు కాబట్టి, ప్రతి పేపర్‌లో 45 వచ్చి సగటు 50 ఉంటే పాస్ చేసే నిబంధన కూడా ఆదుకోలేదు. మిగతా మూడు పేపర్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, పుస్తకం చదివి మాక్ టెస్టులు రాశాను. ఈ పేపర్‌లో నేను తప్పిన ఎఫ్ఓఐఆర్ లెక్క, అంటే ఆదాయంలో ఎంత శాతం కిస్తీలకు పోతుందో చూసే లెక్క గురించి మాత్రం వివరంగా రాయాలి. సూత్రం నాకు నోటికి వచ్చు: పాత కిస్తీలు, కొత్త కిస్తీ కలిపి ఆదాయంతో భాగించాలి. అయినా తప్పు రాశాను.

ఎందుకు తప్పిందో పరీక్ష అయిన నెలకు నల్గొండలో మా బ్రాంచ్ కౌంటర్ దగ్గరే తెలిసింది. ఒక ప్రభుత్వ ఉద్యోగి ఇంటి లోన్ కోసం మూడు నెలల పే స్లిప్‌లు తెచ్చారు. ఆయనకు 20 లక్షలు కావాలి. మొదటి రెండు నెలల్లో గ్రాస్ 58,000, మూడో నెలలో 66,000. పెన్షన్ కోసం పట్టుకునే సీపీఎస్ 4,800, వృత్తి పన్ను 200, సొసైటీ లోన్ కిస్తీ 6,000 కట్ అవుతున్నాయి. మామూలు నెలలో చేతికొచ్చేది 47,000. ఇవి కాక బండి లోన్‌కు 3,000 బ్యాంకు ఖాతా నుంచి పోతోంది, అది పే స్లిప్‌లో కనిపించదు. స్టేట్‌మెంట్ చూస్తేనే దొరుకుతుంది.

నేను పరీక్షలో చేసినట్టే చేశాను. ఆదాయం 47,000 అనుకున్నాను. సొసైటీ కిస్తీ అందులోంచి ముందే పోయింది కదా అని పాత కిస్తీగా 3,000 మాత్రమే వేశాను. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లలో లక్షకు సుమారు 900 చొప్పున 20 లక్షలకు కొత్త కిస్తీ 18,000. మొత్తం 21,000, అంటే దాదాపు 45 శాతం. పరిమితి 50 కాబట్టి లోన్ వస్తుందని చెప్పబోయాను. మా మేనేజర్ సార్ కాగితం తీసుకుని, "ఆగమ్మా, సొసైటీ కిస్తీని నువ్వు సగమే లెక్కపెట్టినవ్" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు లెక్క అర్థమైంది. కిస్తీని ఆదాయంలోంచి తీసేస్తే 50 శాతం పరిమితి మీద పడే దెబ్బ 3,000 మాత్రమే. అప్పుగా చూపిస్తే పూర్తి 6,000 పడుతుంది. అందుకే చట్టప్రకారం కట్ అయ్యేవి మాత్రమే ముందు తీసేయాలి. 58,000లో 5,000 పోతే 53,000. సొసైటీ కిస్తీని ఆదాయంలోకి తిరిగి కలిపి, అప్పుల వైపు చూపించాలి. అప్పుడు 6,000, 3,000, 18,000 కలిపి 27,000. 53,000 మీద ఇది 50.9 శాతం, పరిమితి దాటింది. మా తోటి అభ్యర్థులు కొందరు దీనికి ఎదురు తప్పు చేస్తారు. ఆదాయం 47,000 పెట్టుకుని, అప్పుల్లో కూడా 6,000 వేస్తారు. అప్పుడు 57 శాతం దాటుతుంది, మనిషికి అన్యాయం జరుగుతుంది.

మూడో నెల 66,000 సంగతి: అందులో 8,000 డీఏ బకాయిలు. మూడు నెలల సగటు తీస్తే ఆదాయం ఊరికే పెరుగుతుంది. బకాయిలు మళ్లీ నెల రావు కాబట్టి వాటిని పక్కన పెట్టాలి. ఇక ప్రశ్నలో "గ్రాస్ మీద" అని ఇస్తే గ్రాసే తీసుకోవాలి, ఎందుకంటే ఆదాయంగా దేన్ని తీసుకోవాలి, పరిమితి ఎంత అన్నది బ్యాంకును బట్టి మారుతుంది. ప్రశ్నలో ఈ రెండూ చదవకుండా లెక్క మొదలుపెట్టొద్దు. పోయినసారి నేను చదవలేదు. ఆ రోజుల్లో సాయంత్రం ఏడు దాకా డ్యూటీ, ఇంటికొచ్చి పిల్లల హోంవర్క్, చదవడానికి కూర్చునేసరికి పది. అయినా అది కారణం కాదు. ఈసారి రోజుకు ఒక్క పే స్లిప్ లెక్క చేయకుండా పడుకోలేదు. ఒక్కటే, కానీ రోజూ. టెన్షన్ అలాగే పోయింది.

ఆ పెద్దమనిషి మాత్రం నిరాశపడ్డారు. "జీతం ఇంత వస్తుంటే ఎందుకు రాదు మేడం?" అని అడిగారు. 53,000లో సగం 26,500. పాత కిస్తీలు 9,000 పోగా కొత్త కిస్తీకి మిగిలేది 17,500, దానికి 19.44 లక్షలే వస్తాయి. నేను బండి లోన్ స్టేట్‌మెంట్ అడిగి చూశాను. ఇంకా ఐదు కిస్తీలే ఉన్నాయి, సుమారు 15,000. అది కట్టేసి క్లోజర్ లెటర్ తెస్తే 3,000 ఖాళీ అవుతుంది, అప్పుడు కిస్తీకి 20,500 మిగులుతుంది. అర్హత 22.77 లక్షలకు పెరుగుతుంది. ఇల్లు విలువ ప్రకారం ఇవ్వగలిగేది అంతకన్నా తక్కువైతే ఆ తక్కువ మొత్తమే ఇస్తారని కూడా చెప్పాను. వారం తర్వాత ఆయన క్లోజర్ లెటర్ పట్టుకొచ్చారు. 20 లక్షలకు మళ్లీ వేస్తే 53,000 మీద 24,000, అంటే 45.3 శాతం. ఆ కాగితం ఇప్పటికీ నా పుస్తకంలోనే ఉంది.